మీరు అని పిలిచే కొడుకు

రెబెకమ్మ టీచరుకు ఒక పట్టింపు ఉండేది. ఇంగ్లీషులో వచ్చిన కబురును తెలుగులో చెప్పేటప్పుడు ఏ గడపకు తగిన మర్యాద ఆ గడపకు ఇవ్వాలనేది ఆమె పట్టింపు. ఇంగ్లీషువాడికేం, గవర్నరుకైనా గాడిదకైనా ఒకటే ‘యూ’ పడేసి చేతులు దులుపుకుంటాడు. ఆ ‘యూ’ను పట్టుకుని నువ్వు అనాలా, మీరు అనాలా, తమరు అనాలా అని తల బద్దలు కొట్టుకోవలసిన ఖర్మ తెలుగువాళ్లది. ఉదయగిరిలో ఆ ఖర్మ రెబెకమ్మది. స్వరాజ్యం వచ్చి రెండు మూడేళ్లయినా, ఊళ్లో ఇంగ్లీషు ముక్క వచ్చిందంటే మిషను బడి టీచరమ్మ దగ్గరికి నడవాల్సిందే.

ఆమె లెక్క ఆమెకుంది. బజారులో కోమట్ల ఇళ్లకు కబురు వస్తే, కొడుకు తల్లిని ‘మీరు’ అన్నట్టు చదివేది. కొండ కింద పల్లెల్లో అయితే ‘నువ్వు’. పేదింటి కొడుకు కన్నతల్లిని మీరంటాడా, అన్నా ఆ తల్లికి ఒంటికి పడుతుందా అనేది. ఈ విషయంలో ఆమెతో వాదించి నెగ్గినవాళ్లు లేరు.

ఇందులో ఆమె సొంత బాధ కూడా కొంచెం ఉంది. ఆమెకు ఒక్కడే కొడుకు, రాజమోహన్. మద్రాసులో గుమాస్తా. చిన్నప్పుడు నలుగురిలో గౌరవంగా ఉంటుందని వాడికి ‘మీరు’ అనడం తనే నేర్పింది. ఇప్పుడు వాడు ‘మీరు క్షేమమని తలుస్తాను’ అని రాస్తే, తాసీల్దారు కచేరీ నుంచి వచ్చిన హుకుం చదివినట్టుండేది. అందుకే కాబోలు, పల్లెల్లో పరాయి కొడుకుల మాటలను ‘అమ్మా, నువ్వు’ అని చదివేటప్పుడు ఆమె గొంతులో తడి చేరేది. ఊళ్లో ఆడవాళ్లు టీచరమ్మ చదివితే కొడుకే వచ్చి చెప్పినట్టుంటుందని మురిసిపోయేవాళ్లు. ఆ మెప్పు ఆమెకు బాగానే తలకెక్కింది.

ఒక కార్తీక మాసం సాయంత్రం ఆమె ఓబులమ్మ ఇంటికి బయలుదేరింది. ఓబులమ్మ కొండ మొదట్లో చివరి గుడిసెలో ఒంటరిగా ఉండే ముసలావిడ. అడవిలో మోదుగాకు కోసుకొచ్చి విస్తళ్లు కుట్టి బజారులో అమ్ముకునేది. ఆమె కొడుకు తవిటయ్యకు నలభై దాటి ఉంటాయి. యుద్ధం రోజుల్లో బొంబాయి రేవులో కూలికి పోయినవాడు అక్కడే ఉండిపోయాడు. పెళ్లీ పెటాకులూ లేవు. ఎవరైనా అటునుంచి వస్తే బతికే ఉన్నాడని కబురు తెలిసేది, అంతే. ఇప్పుడు బొంబాయి ఆసుపత్రి నుంచి, మలయాళపు నర్సు ఒకామె ఇంగ్లీషులో రాసి పంపిన కబురు వచ్చింది. తవిటయ్య తనకు వచ్చిన హిందీలో ఏదో చెబితే, ఆ నర్సు తనకు వచ్చిన ఇంగ్లీషులో పెట్టింది. ఇక తెలుగులో పెట్టడం రెబెకమ్మ వంతు.

గుడిసె చేరేసరికి కొండ నీడ పల్లెను మింగేసింది. పైన పాడుబడిన కోట గోడల మీద మాత్రం ఇంకా ఎర్రగా వెలుగుంది. చుట్టుపక్కల గుడిసెల్లో అలికిడి లేదు, అందరూ చెనక్కాయ పీకడానికి దుత్తలూరు తట్టు పోయినట్టున్నారు. ఓబులమ్మ గుమ్మంలో కూర్చుని పుల్లలు చీలుస్తోంది.

“అవ్వా, నీ కొడుకు కాడినించి కబురొచ్చుండాది,” అంది రెబెకమ్మ.

ముసలావిడ చేతిలో పుల్ల ఆగింది. “బతికుండాడా?”

“ఉండాడు. ఒంట్లో బాగలేక ఆస్పత్రిలో ఉండాడు. విను, అతను చెప్పినట్టే చెప్తాను.”

చెప్పింది. ఆ రోజు పొద్దున్నే రాజమోహన్ ‘మీరు’ ఒకటి వచ్చి ఉన్నదేమో, ఆమె గొంతు మరీ మెత్తబడి ఉంది. గుడిసెలోకి, చీకటి పడుతున్న ఆ గదిలోకి, మాటలు ఒక్కొక్కటిగా వెళ్లాయి.

“అమ్మా, నువ్వక్కడ ఒంటిదానివి, నేనిక్కడ ఒంటివాణ్ణి. నాకు కడుపులో పుండు. కొయ్యకపోతే బతకనంటున్నారు. నీ మాట లేకుండా ఒంటిమీద కత్తి పడనీయొద్దని చిన్నప్పుడు చెప్పినావు. అందుకని ఒప్పుకోలేదు. అమ్మా, నువ్వు పలకాల. నువ్వు పలికితేగాని నేను ఇక్కణ్ణించి కదలను.”

చదివి తలెత్తేసరికి ఓబులమ్మ లేచి నిలబడి ఉంది. ముసలావిడ ముఖంలో కన్నీళ్లుంటాయని చూసింది రెబెకమ్మ. కన్నీళ్లు లేవు. భయం ఉంది. అంత వయసు మనిషి ముఖంలో అంత భయం రెబెకమ్మ ఎన్నడూ చూడలేదు. ఓబులమ్మ దగ్గరికి వచ్చి తన బిరుసు చెయ్యి టీచరమ్మ నోటికి అడ్డం పెట్టింది.

“ఇంక చాలు. ఇంట్లో ఆ మాట ఎందుకు పలికినావు?”

“ఏ మాట?”

“నా కొడుకు నన్ను అమ్మా అనడు. నువ్వు అనడు. పుట్టినకాణ్ణించి ఒక్కసారి గూడా అనలా.” గొంతు బాగా తగ్గించింది. “అట్లా పిలిచేవోళ్లు వేరే ఉండారు.”

అప్పుడు చెప్పింది. తవిటయ్యకు ముందు ఆమెకు ముగ్గురు పిల్లలు. ఇద్దరు మగ, ఒక ఆడ. మాటలు వచ్చి, ముద్దుగా అమ్మా నువ్వు రా అని కొంగు పట్టుకుని లాగే ఈడుకు ఒక్కొక్కరే పోయారు. జ్వరమూ లేదు, దగ్గూ లేదు. పొద్దున ఆడుకున్న బిడ్డ పొద్దుగూకేసరికి చల్లబడిపోయేది. ముగ్గురినీ ఈ గుడిసె వెనకే, ముళ్లకంప దాటాక, రాళ్లు పేర్చి పూడ్చారు. నాలుగోవాడు పుట్టగానే పక్కింటి వెంగమ్మ చేటలో గుప్పెడు తవుడు తెచ్చి పెట్టి బిడ్డను కొనుక్కుంది. అట్లా కొన్నందుకే తవిటయ్య. ఇది మన తట్టు అందరూ ఎరిగిన సంగతే, బిడ్డలు నిలవని ఇళ్లలో ఇప్పటికీ చేస్తారు. పేరుకు అమ్మి ఇంట్లోనే పెంచుకుంటారు. ఓబులమ్మ మాత్రం పేరుకు చేసి ఊరుకోలేదు. వాడు వెంగమ్మను అమ్మా, నువ్వు అనాలి. తనను పెద్దమ్మగారూ, మీరు అనాలి. తను కూడా వాణ్ణి రా అనకూడదు. పాలు తాగే బిడ్డను ఒళ్లో పెట్టుకుని, “తాగండయ్యా, నిద్రపోండయ్యా” అని పెంచింది. వాకిట్లో నిలబడి వినేదేదో ఉంటుందని, అది విని, వీడు ఈమె బిడ్డ కాదు పరాయివాళ్ల బిడ్డ అనుకుని పోవాలని.

“పోయింది గూడా. నా తవిటయ్య నిలిచినాడు. వెంగమ్మ పోయింది, నా మొగుడు పోయినాడు, ఆ మాట మాత్రం మేమిద్దరం తప్పలా. నలభై ఏళ్లుగా ఈ ఇంట్లో ఎవురూ నన్ను అమ్మా నువ్వు అనలా. ఇయ్యాల నువ్వన్నావు.”

రెబెకమ్మకు కోపం వచ్చింది. తప్పు తెలియనివాళ్లకు వచ్చే కోపం కాదు, తెలిసినవాళ్లకు వచ్చేది. “అవ్వా, ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. మీరని చదువుకో, సరిపోయె. పెద్దమ్మగారూ, మీరక్కడ ఒంటిగా ఉండారు...”

“ఇప్పుడు నేను చెప్పినాక మార్చినావు.” ముసలావిడ తల అడ్డంగా ఊపింది. “అది నా మాటేగాని వాడి మాట గాదు. పలకమంటా ఉండారే, ఆ పలకమనేది ఎవురో నాకెట్లా తెలస్తాది? నేనొక్కదాన్నే ఉండానని వాళ్లకి తెలుసు. పలికితేగాని కదలమంటా ఉండారు. నేను పలకను.”

“పలక్కపోతే అక్కడ నీ కొడుకు చచ్చిపోతాడు.”

“పలికినాక వాడు నావాడని ఆ పోయిన బిడ్డలు తెలుసుకోని ఎత్తుకోని పోతే?”

  ఈ వారం దాటితే కోసి లాభం లేదని నర్సు చివర్లో రాసిన మాట ఒకటుంది, అది కూడా చెప్పి రెబెకమ్మ బయటికి వచ్చింది. వాకిట్లో చెప్పులు వేసుకుంటూ ఉండగా, గుడిసె వెనక కంప అవతల నుంచి, “అమ్మా,” అని వినిపించింది.

చిన్నపిల్ల గొంతు. ఒక్కసారే. ఎవరి పిల్లో మేకల వెంట వచ్చి ఉంటుందనుకుని చుట్టూ తిరిగి చూసింది. మేకలు లేవు, పిల్లా లేదు. ఎండిన కంప మీద గాలి కూడా ఆడడం లేదు. వెనక్కి తిరిగితే గుమ్మంలో ఓబులమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది.

“నీకూ వినపడిందా?” అని అడిగింది. రెబెకమ్మ వినపడలేదంది. అబద్ధమాడినందుకు ఆ రాత్రి ప్రార్థనలో క్షమాపణ కూడా అడగలేదు, ఎందుకంటే అడగాలంటే విన్నానని ఒప్పుకోవాలి.

మరునాడు బడికి సెలవు పెట్టి మళ్లీ వెళ్లింది. రాత్రంతా ఆమె చేసిన ఆలోచన ఒకటే. తను తిప్పిన మాటతో వచ్చిన చిక్కు తను తిప్పితే పోదు. అసలు మనిషి నోటి మాట కావాలి, తెలుగులోనే కావాలి. ఆ ఆసుపత్రికి తంతి ఇచ్చి, తవిటయ్య తల్లిని ఏమని పిలుస్తాడో అతని మాటల్లోనే పంపమని అడగాలి.

ఓబులమ్మ చాలాసేపు విస్తరి కుడుతూ వింది. “వాడు మీరంటే,” అంది చివరికి, “నన్ను అడిగేదానికి మళ్లా రాబాకు. అక్కణ్ణించే చెప్పేసెయ్, కోయించుకోండి అని. కోయించుకోరా అంటే వాడు నమ్మడు. ఎవురో నా పేరు పెట్టి చెప్పినారనుకుంటాడు.”

“నువ్వు అంటే?”

“అంటే ఆడ ఉండేది నా కొడుకు గాదు. ఊరికే తిరిగొచ్చెయ్.”

ఉదయగిరిలో తంతి తీగ అంతకు ముందు వారం గాలివానకు తెగి పడి ఉంది. అందుకని ఆత్మకూరు పోవాల్సి వచ్చింది. బొగ్గుతో నడిచే బస్సులు అప్పటికి ఇంకా పూర్తిగా పోలేదు. అటువంటి బస్సొకటి పొగ కక్కుతూ, ఎత్తు వచ్చినచోటల్లా జనాన్ని దింపి నడిపిస్తూ, ఆమెను మధ్యాహ్నానికి ఆత్మకూరులో దించింది.

అక్కడి పోస్టుమాస్టరు వెంకటరమణయ్య రెబెకమ్మకు పాత పరిచయం. ఆయనకూ ఇంగ్లీషు తంతులు జనానికి తెలుగులో చెప్పే పని పడుతుంటుంది. ఆయన పద్ధతి సులువు. అందరికీ తమరే. మొగుడు పెళ్లానికి, తాత మనవడికి, అప్పులవాడు బాకీదారుకు, అందరూ ఆయన నోట తమరు అంటారు. ఒకసారి బర్రెను తోలుకు రమ్మని వచ్చిన తంతిని ‘తమరు బర్రెను తోలుకుని దయచేయవలెను’ అని చదివాడని ఆత్మకూరంతా చెప్పుకుంటారు. రెబెకమ్మ ఆ పద్ధతిని వెక్కిరించని రోజు లేదు. ఈ రోజు మాత్రం వెక్కిరించలేదు. ఈ పెద్దమనిషి చదివి ఉంటే ఆ గుడిసెకు ఏమీ అయ్యేది కాదని ఆమెకు తోచింది, అది మింగుడు పడలేదు.

ఆమె రాసిన ఇంగ్లీషు చూసి ఆయన కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. “తల్లిని ఏమని పిలుస్తాడో చెప్పమనా? ఇదేం ప్రశ్నమ్మా? రోగం మాట అడగరా?”

“అడగాల్సింది ఇదే అయ్యా. అతని తెలుగు మాటే ఇంగ్లీషు అక్షరాల్లో పంపమని రాసినాను. ఒక్క అక్షరం తీసెయ్యబాకండి.”

జవాబుకు కూడా ముందే డబ్బు కట్టి, వరండాలో బల్ల మీద కూర్చుంది. పొద్దు వాలింది. ఆ రాత్రి ఎరిగినవాళ్ల ఇంట్లో పడుకుని, తెల్లవారి మళ్లీ వచ్చి కూర్చుంది. లోపల యంత్రం టకటకమన్నప్పుడల్లా లేచేది. అది ప్రతిసారీ ఇంకెవరిదో చావు, ఇంకెవరిదో పుట్టుక, ఎవరిదో నిమ్మకాయల బస్తాల గొడవ. నిలబడి కూర్చుని, కూర్చుని నిలబడి ఆమెకు ఒక అనుమానం పుట్టింది. బొంబాయి నుంచి ‘అమ్మా నువ్వు’ అని వస్తే? అది తవిటయ్య కాదంటే తను నమ్మకపోవచ్చు. కానీ ఆ మాట విన్న ముసలావిడ నోరు విప్పదు, కొడుకు కదలడు. ఒక మనిషి బతుకు తను ఆ రోజు గొంతులో పెట్టుకున్న తడి మీద ఆగి ఉంది. ఎంత గర్వం నాది, అనుకుంది. ఏడుపు వచ్చింది. పోస్టాఫీసు వరండా కాబట్టి ఆపుకుంది.

పెద్ద ఎండ వేళకు వెంకటరమణయ్య కాగితం పట్టుకుని బయటికి వచ్చాడు. వింతగా చూస్తున్నాడు. “టీచరమ్మా, ఇతగాడు పెద్దింటి మనిషా?”

“ఎందుకు?”

“నేను గూడా ఇంత మర్యాద పెట్టను.” చదివాడు. “పెద్దమ్మగారూ, మీరు అనండి. మీరు అంటేనే నేను.”

రెబెకమ్మ ఆ నిలబడ్డ చోటనే జవాబు రాసింది. కోయించుకోండి. ఒక్కటే మాట, తెలుగు మాట, ఇంగ్లీషు అక్షరాల్లో. దానికి ఇంగ్లీషు చేయమని వెంకటరమణయ్య ఎంత చెప్పినా వినలేదు. ఇంగ్లీషులో పెడితే ఆ ‘అండి’ ఎక్కడ పోతుందో, అది పోతే అక్కడ మంచం మీద ఉన్నవాడు ఎవరి మాట అనుకుంటాడో ఆమెకు ఇప్పుడు బాగా తెలుసు. సాయంత్రానికి ఆసుపత్రి నుంచి ఇంకొకటి వచ్చింది. రోగి ఒప్పుకున్నాడు, రేపు కోస్తారు.

మరునాడు తిరుగు బస్సు దుత్తలూరులో ఆగినప్పుడు వెనక నుంచి ఎవరో, “అమ్మా,” అన్నారు. రెబెకమ్మ పలకలేదు. తిరిగి చూడలేదు. మళ్లీ “అమ్మా” అన్నారు. అప్పటికీ పలకలేదు. మూడోసారికి, “అమ్మా, మీ సంచీ కిందపడిపోయుండాది, చెవుడా ఏంది?” అని గాజులమ్ముకునే ఆడమనిషి ఒకామె విసుక్కుంది. బతికున్నవాళ్లయితే మూడుసార్లు పిలుస్తారు, పోయినవాళ్లకు ఒక్కసారే పిలిచే బలముంటుంది అని ఆ తట్టు పల్లెల్లో అనే మాట. ఆదివారం బడిలో పిల్లలకు అలాంటివి నమ్మకూడదని చెప్పే రెబెకమ్మ, సంచీ తీసుకుని తన మీద తనే నవ్వుకోబోయింది. నవ్వు రాలేదు.

గుడిసె చేరేసరికి మళ్లీ అదే వేళ. ఓబులమ్మ పొయ్యి మీద సంగటి కెలుకుతోంది. రెబెకమ్మ గుమ్మం బయటే నిలబడి, కొడుకు పంపిన మాట ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పెద్దమ్మగారూ, మీరు అనండి. మీరు అంటేనే నేను.

ఓబులమ్మ తెడ్డు పక్కన పెట్టి కళ్లు మూసుకుంది. “వాడే,” అంది. “చిన్నప్పుడు గూడా అంతే. అన్నానికి నేను రాండయ్యా అంటేనే వచ్చేవాడు.” కళ్లు తెరిచి, “కోస్తా ఉండారా?” అని అడిగింది.

“ఈ పాటికి కోసుంటారు. కబురు రేపొస్తాది.”

“నువ్వు పొయినకాణ్ణించి రోజూ పిలస్తా ఉండారు టీచరమ్మా. మొదట కంప అవతల. నిన్న ఇంటెనక. ఇయ్యాల గుమ్మం కాడికొస్తారు.” చెప్పే తీరు బజారులో విస్తళ్లు ఎన్ని పోయాయో చెప్పినట్టే ఉంది. “వోళ్ల తప్పు గాదు. నువ్వు పిలిచిన పిలుపు విని లేచినారు. ఇంట్లో అమ్మ ఉందని తెలిసిపోయినాక పసిబిడ్డలు ఊరకుంటారా?”

“నాదే తప్పవ్వా. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.”

“నీ తప్పేముండాది. నీ గొంతులో అట్లా వచ్చింది. నీ బిడ్డ నిన్ను నువ్వు అనడు గదా.” రెబెకమ్మ అదిరిపడింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పి ఉండలేదు. ముసలావిడ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, నీళ్లు చల్లి ఆర్పింది. గదిలో పొగ, చీకటి. “ఒకటి చెప్తాను విను. వాళ్లకి కావల్సింది నేను. నేను పలక్కపోతే, ఆడ కత్తికింద పడుకోనుండే వాడి కాడికి పోతారు. వాడు నావాడని ఇప్పుడు వాళ్లకి తెలుసు.”

“అవ్వా, వద్దు. పదా, మా ఇంటికి పోదాం.”

“యాడికి పోయినా అమ్మనేగా.”

అప్పుడు పిలిచారు. గుమ్మం పక్కనే, రెబెకమ్మ మోకాలి ఎత్తులో, చెయ్యి చాచితే తగిలేంత దగ్గర నుంచి.

“అమ్మా, నువ్వు రా.”

రెబెకమ్మ లోపలికి దూరి ఓబులమ్మ చెయ్యి పట్టుకుంది. పలకొద్దని తల ఊపింది. ఆమె నమ్మకాలన్నీ ఎక్కడికి పోయాయో, ఆ క్షణంలో ఆ ముసలి నోరు మూసి ఉంచడం తప్ప ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు. ఓబులమ్మ ఆ చేతిని నెమ్మదిగా విడిపించుకుంది. ముఖంలో మొదటి రోజు ఉన్న భయం లేదు. నలభై ఏళ్లు కొడుకును అయ్యా, అండీ అని పెంచిన నోటితో, ఎవరినీ అనకుండా దాచుకున్న మాట అంది.

“వస్తా ఉండాను లేరా. నువ్వు ముందు పదా, చెల్లెలి చెయ్యి పట్టుకో.”

గుమ్మం దాటి ఇంటి వెనక్కి నడిచింది. రెబెకమ్మ వెంట పరుగెత్తింది. ఆమె చేరేసరికి ఓబులమ్మ ఆ రాళ్ల కుప్పల పక్కన, పిల్లల్ని నిద్రపుచ్చేవాళ్లు ఒరిగినట్టు ఒక పక్కకు ఒరిగి ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. పొద్దున ఆడుకుని పొద్దుగూకేసరికి చల్లబడిన బిడ్డల మాట గుర్తొచ్చి రెబెకమ్మ ఆ చెయ్యి వదిలేసి, మళ్లీ సిగ్గుపడి పట్టుకుంది. పల్లె జనం వచ్చేదాకా అలాగే కూర్చుంది. తరవాత ఎవరూ పిలవలేదు.

తవిటయ్య బతికాడు. గండం గడిచిందని తంతి వస్తే, మరునాడు ఆత్మకూరు నుంచి బస్సులో పంపారు, తీసుకోవాల్సిన మనిషి లేదు. చనిపోయిందన్న కబురు పంపేటప్పుడు రెబెకమ్మ అందులో తల్లి అనే మాట రాయలేదు. పెద్దమ్మగారు పోయారని మాత్రం తెలుగులోనే రాసింది.

వేసవిలో వచ్చాడు. సన్నటి పొడుగాటి మనిషి, నడిచేటప్పుడు కడుపు మీద చెయ్యి ఆనించుకునే అలవాటు పడింది. రెబెకమ్మే కొండ కిందికి తీసుకుపోయింది. దారిలో జరిగిందంతా చెప్పింది, తను చేసిందీ దాచలేదు. అతను కోపగించుకోలేదు. ఒక్కటే అడిగాడు, పోయేటప్పుడు ఆమె ఏమని పలికింది అని. రెబెకమ్మ చెప్పింది. లేరా అన్నదా, అని అతను తిరిగి అడిగాడు. అన్నదంటే, ఆ మాటను పెదవుల మీద పెట్టుకుని రెండు మూడుసార్లు శబ్దం లేకుండా అనుకున్నాడు.

గుడిసె వెనక మూడు చిన్న రాళ్ల కుప్పల పక్కన నాలుగోది పెద్దది. అతను దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అమ్మ ముందు నిలబడ్డట్టు కాదు, ఎవరో ఆసామి భార్య ముందు నిలబడ్డట్టు. రెబెకమ్మ అతని పక్కకు వచ్చింది.

“ఇంక భయమేముంది నాయనా? అంతా అయిపోయింది. ఒక్కసారి అమ్మా అని పిలువు. నువ్వు అను. ఆమె పడ్డదానికి ఆ మాత్రం వినాల.”

తవిటయ్య నోరు తెరిచాడు.  ఆ చిన్న కుప్పల వైపు ఒకసారి చూసి, మళ్లీ నోరు మూసుకున్నాడు.

“వద్దు టీచరమ్మా. ఇన్నేళ్లకి వాళ్ల కాడికి పోయింది. వాళ్లు చిన్నోళ్లు. నేను నువ్వు అంటే మళ్లా నా తట్టు తిరగతాది.”

కిందికి వంగి, జారిన రాయొకటి తీసి కుప్ప మీద సర్ది పెట్టాడు.

“పెద్దమ్మగారూ,” అన్నాడు, “నేను బాగుండాను. మీరు పడుకోండి.”